ముప్పై నాలుగు పేర్లు, మూడు నిమిషాలు

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఈసారి జిల్లా ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుకు ఎంపికయ్యాను. సెప్టెంబరు 5న సభ. అవార్డు తీసుకునేవాళ్లందరి తరఫున నన్ను మాట్లాడమని డీఈవో ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. మూడు నిమిషాలకు మించొద్దన్నారు. థాంక్స్ చెప్పాల్సినవాళ్ల పేర్లు రాసుకుంటే ముప్పై నాలుగు తేలాయి.

ఆరో తరగతిలో చేరే పిల్లల్లో కొందరు 62లోంచి 38 తీసేస్తే 36 అంటారు. అలాంటివాళ్లను బడి వదిలాక గంటసేపు కూర్చోబెట్టి, చీపురుపుల్లల కట్టలతో మళ్లీ మొదటినుంచి నేర్పిస్తున్నాను. అవార్డు దానికే వచ్చింది. వంటామె వాళ్లకు శనగలు ఉడకబెట్టి పెట్టి వెళ్తుంది. అటెండరు గేటు వేయకుండా ఆగుతాడు. ప్రశ్న చదవడమే రాక కొందరు తప్పు చేస్తున్నారని కనిపెట్టింది మా తెలుగు టీచరు. వారానికి రెండు రోజులు ఆవిడే కూర్చుని చదివిస్తుంది. నా ఫైలు సర్దిపెట్టింది కూడా ఆవిడే. తనూ దరఖాస్తు పెట్టుకుంది, రాలేదు.

మా పిల్లల్ని పెంచింది అత్తయ్య. స్టేజీ మీద నా కోడలు నా పేరు చెబుతుందని ఊరంతా చెప్పుకుంటున్నారు. సంఘం నాయకుడు మన సంఘం పేరు వినిపించాలన్నారు. ఇప్పటి హెచ్ఎం గారు సిఫార్సు చేశారు. ముందున్నాయన మాత్రం ఈ సాయంత్రం క్లాసు వద్దని ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టారు. చిట్టా చదవకుండా అందరికీ కృతజ్ఞత చెప్పే దారి ఉందా? ఎవర్ని చెప్పాలి, ఎవర్ని వదలాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

— ఒక టీచరు

జవాబు: టీచర్ గారూ, ముందుగా ఆ ముప్పై నాలుగు పేర్లున్న కాగితాన్ని దాచిపెట్టుకోండి. అది మంచి కాగితమే. కాకపోతే ఆ సభలో చదవడానికి పనికిరాదు. దాన్ని ఎలా వాడుకోవాలో చివర్లో చెబుతాను.

చదివితే ఏమవుతుందో ఒక్కసారి లెక్క వేద్దాం. సభల్లో పేరును పేరుగా ఎవరూ చెప్పరు. ‘గౌరవనీయులైన మండల విద్యాశాఖాధికారి శ్రీ ఫలానా గారికి’ అంటారు. గడియారం పెట్టుకుని ఈ ఒక్క మాట పైకి చదవండి, ఐదు సెకన్లు పడుతుంది. ముప్పై నాలుగు మందికి 170 సెకన్లు. మీకున్నది 180. నమస్కారం పెట్టి మైకు దిగడానికి పది సెకన్లు మిగులుతాయి. మీరు ఏం పని చేశారో, ఆ పిల్లలెవరో ఎవరికీ తెలియకుండానే సభ అయిపోతుంది.

పేర్లు చదివేటప్పుడు హాల్లో ఏం జరుగుతుందో ఇలాంటి సభలు చాలా చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. మొదటి ఐదారు పేర్ల దాకా వింటారు. ఆ తర్వాత ఎవరి పేరు కోసం వాళ్లు ఎదురుచూడటం మొదలవుతుంది. పేరు వచ్చినవాళ్లు అక్కడితో వినడం ఆపేస్తారు. రానివాళ్లు చివరిదాకా విని నొచ్చుకుంటారు. అంటే జాబితా చదివినప్పుడే ‘వదిలేశారు’ అన్న మాట పుడుతుంది. ముప్పై మూడు పేర్లు చదివితే ముప్పై నాలుగో మనిషికి అది అవమానంగా ఉంటుంది. ముగ్గురి గురించి మాత్రమే, వాళ్లు చేసిన పనితో సహా చెబితే, మిగతావాళ్లకు తమను తీసేశారన్న భావన రాదు. అక్కడ జాబితా లేదు కాబట్టి అందులోంచి తీసేయడమూ లేదు. మీ భయానికి సగం మందు ఇక్కడే ఉంది.

ఇక ఆ ముగ్గురు ఎవరన్నది. మీ కాగితంలో రకరకాల రుణాలు కలిసిపోయాయి. కొందరు మీకు అవార్డు రావడానికి సాయం చేశారు. సిఫార్సు రాసిన హెచ్ఎం గారు, ఫైలు ముందుకు పంపిన ఎంఈవో గారు, ఎంపిక చేసిన అధికారులు ఈ లెక్కలోకి వస్తారు. కొందరు మీరు మీరుగా నిలబడటానికి కారణం. అమ్మానాన్నలు, చిన్నప్పటి మాస్టార్లు, మీవారు, స్నేహితులు. ఇంకొందరు ఆ సాయంత్రం గంట నడవడానికి కారణం. అవార్డు ఆ గంటకు వచ్చిందని మీరే రాశారు. కాబట్టి ఆ వేదిక మీద పేరు పలకాల్సింది ఈ చివరివాళ్లదే. ఒక్కొక్క పేరు పక్కన ‘ఈ మనిషి లేకపోతే ఆ గంట ఆగిపోయేదా?’ అని రాసుకుని నిజాయితీగా జవాబు చెప్పుకోండి. జిల్లా అధికారులు లేకపోతే అవార్డు ఉండేది కాదేమో గానీ, ఆ గంట ఉండేది. వంటామె శనగలు పెట్టకపోతే నాలుగు దాటాక ఆరో తరగతి పిల్లలు కూర్చుంటారా? తెలుగు టీచరు లేకపోతే ఆ పిల్లల ఇబ్బంది ఎక్కడుందో మీకు తెలిసేదా?

ఈ ప్రశ్న వేసుకుంటే మీ అత్తయ్య గారి చిక్కు కూడా విడిపోతుంది. ఆవిణ్ని ‘కుటుంబ సభ్యులు’ అన్న వరుసలో పెట్టుకుని, ఇది ప్రభుత్వ సభ కదా, ఇంటివాళ్ల గురించి చెప్పొచ్చా అని మీరు వెనకాడుతున్నట్టున్నారు. కానీ మీరు బడిలో పరాయి పిల్లల దగ్గర కూర్చున్న ఆ గంటలో మీ సొంత పిల్లల దగ్గర కూర్చున్నది ఆవిడ. అంటే ఆవిడా ఆ గంటలో పనిచేసిన మనిషే. అత్తగారు కాబట్టి మొహమాటానికి చెప్పడం వేరు, ఆవిడ చేసిన పని కోసం చెప్పడం వేరు. రెండోది చెబితే అది సభకు తగిన మాటే అవుతుంది.

ఎలా చెప్పాలన్నదానికి మూడు దారులు కనిపిస్తున్నాయి. ఎవరి పేరూ ఎత్తకుండా ‘నా సహోద్యోగులకు, కుటుంబానికి, అధికారులకు ధన్యవాదాలు’ అని ముగించడం ఒకటి. ఎవరూ నొచ్చుకోరు. ఎవరి మనసూ నిండదు కూడా. అత్తయ్య గారు ఊరికి ఏం చెప్పుకోవాలి? మీకు వేదిక భయం బాగా ఎక్కువైతే తప్ప ఈ దారి వద్దంటాను.

ఒక్క మనిషి గురించే చెప్పడం ఇంకో దారి. మూడు నిమిషాలూ వంటామె గురించే మాట్లాడారనుకోండి, హాలంతా కదులుతుంది, పేపర్లో కూడా రావచ్చు. కానీ పక్కనే కూర్చున్న తెలుగు టీచరు పరిస్థితి ఆలోచించండి. అవార్డు రాలేదు, చేసిన పనికి మాట కూడా రాలేదు. మీకు ఇలాంటి స్నేహితురాలు లేకపోతే ఈ దారినే నడవమనేదాన్ని.

మూడోది పని గురించి చెబుతూ పోవడం, మనుషులు ఆ పనిలో భాగంగా వాళ్లంతట వాళ్లే రావడం. నా మొగ్గు దీనివైపు. ‘ధన్యవాదాలు’ అన్న మాట ఎక్కువసార్లు వాడక్కర్లేదు. ఎవరు ఏం చేశారో చెబితే వినేవాళ్లకు అదే ధన్యవాదంగా వినపడుతుంది. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, ముందుగా రాసుకోకపోతే మాట ఎటో వెళ్లిపోయి సమయం మించిపోతుంది. అందుకని మీ ఉత్తరంలోని సంగతులతోనే ఒక నమూనా రాసి పెడుతున్నాను. ఖాళీల్లో పేర్లు మీరు నింపుకోండి.

‘వేదిక మీదున్న పెద్దలందరికీ, సభకు వచ్చినవారందరికీ నమస్కారం.

మా బడికి ఆరో తరగతిలో చేరే పిల్లల్లో కొందరు అరవై రెండులోంచి ముప్పై ఎనిమిది తీసేస్తే ముప్పై ఆరు అంటారు. ఆరులోంచి మూడు తీస్తారు. ఎనిమిదిలోంచి రెండు తీస్తారు. తెలివి లేక కాదు. పది పుల్లల కట్ట విప్పితే పది విడి పుల్లలు వస్తాయని వాళ్లెప్పుడూ చేత్తో చేసి చూడలేదు. ఆ కట్టలు విప్పడానికే మేం సాయంత్రం ఒక గంట కూర్చుంటున్నాం.

ఆ గంట నా ఒక్కదానిదే కాదు. ఆకలి మీదున్న పిల్లలకు లెక్క ఎక్కదని మా బడిలో వంట చేసే ........ గారికి నాకన్నా ముందు తెలుసు. ఆవిడ శనగలు ఉడకబెట్టి పెట్టాకే ఇంటికి వెళ్తారు. తీసివేత వచ్చాక కూడా పిల్లలు ఎందుకు తప్పుతున్నారో నాకు అర్థం కాలేదు. వాళ్లకు ప్రశ్న చదవడం రావట్లేదని కనిపెట్టి, వారానికి రెండు రోజులు కూర్చుని చదివిస్తున్నది మా తెలుగు టీచరు ........ గారు. ఆ గంటలో మా ఇంట్లో నా పిల్లలు తిన్నారో లేదో నేను ఆలోచించాల్సిన అవసరం ఏ రోజూ రాలేదు. ఆ పని మా అత్తయ్య ........ గారు చూసుకున్నారు.

ఈ రోజు అవార్డు అందుకున్న ప్రతి టీచరు వెనకా ఇలాంటి మనుషులున్నారు. కొందరు ఈ హాల్లోనే ఉన్నారు. మా అందరి తరఫున వాళ్లకు నమస్కరిస్తున్నాను.

రేపు సాయంత్రం మళ్లీ కట్టలు విప్పుతాం. నమస్కారం.’

నింపాదిగా చదివితే ఇది రెండు నిమిషాల దగ్గర అవుతుంది. చప్పట్లకు, గొంతు సవరించుకోవడానికి, వేదిక ఎక్కడానికి మిగతాది సరిపోతుంది. మూడు నిమిషాలకు నిండుగా రాసుకుంటే సభలో అది నాలుగవుతుంది. సెప్టెంబరు 6 సెలవు రోజైతే ‘రేపు’ బదులు బడి తెరిచే రోజు చెప్పండి.

ఇందులో కొన్ని మాటలు ఎందుకలా రాశానో చెబుతాను, మీరు మార్చుకునేటప్పుడు పనికొస్తుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ప్రస్తావన కావాలనే పెట్టలేదు. ఆయన పుట్టినరోజును 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్న సంగతి ఆ పూట మీకు ముందు మాట్లాడినవాళ్లందరూ చెబుతారు. అధికారుల పేర్లు కూడా వ్యాఖ్యాత అప్పటికే హోదాలతో సహా చదివి ఉంటారు. ‘వేదిక మీదున్న పెద్దలందరికీ’ అన్న ఒక్క మాటతో మర్యాద పూర్తవుతుంది. మరీ వెలితిగా అనిపిస్తే ‘కలెక్టర్ గారికి, డీఈవో గారికి’ అని రెండు హోదాలు కలపండి. మూడోది కలిపారో, నాలుగోవారిని ఎందుకు వదిలారన్న ప్రశ్న వస్తుంది.

అరవై రెండు, ముప్పై ఎనిమిది లెక్కను మాత్రం దయచేసి తీసేయకండి. ‘వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక తరగతులు నిర్వహించాను’ అంటే ఆ సభలో అలాంటి వాక్యాలు చాలా వినిపిస్తాయి. ముప్పై ఆరు ఎలా వచ్చిందో చెబితే ప్రైమరీ టీచర్లు తలలూపుతారు, కలెక్టర్ గారు మనసులో లెక్క వేసుకుంటారు. ఆ తప్పు ఎలా జరుగుతుందో అర్థమైన తర్వాతే శనగలకూ, ప్రశ్నలు చదివించడానికీ విలువ కనిపిస్తుంది. అందుకే పని ముందు, మనుషులు తర్వాత.

వంట చేసే ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా, చివర ‘గారు’ చేర్చి పలకండి. బడిలో అందరూ ఆవిణ్ని ఆయమ్మ అనో, వంటామె అనో పిలుస్తుంటారు. స్టాఫ్‌లో కొందరికి అసలు పేరే తెలియకపోవచ్చు. మీకూ ఇంటిపేరు తెలియకపోతే ముందు రోజే అడిగి తెలుసుకోండి, పలికే తీరు కూడా ఆవిడ నోటే వినండి.

అటెండరు గారు ఇందులో లేరు. ఆయన లేకపోతే గేటు పడిపోతుంది, నేను చెప్పిన ప్రశ్న ప్రకారం ఆయనా ఉండాల్సిన మనిషే. కానీ నాలుగో మనిషి వచ్చేసరికి వినేవాళ్ల చెవికి మళ్లీ చిట్టా మొదలైనట్టు ఉంటుంది. అవార్డు వచ్చాక మీ బడిలో, ఊళ్లో సన్మానం ఎలాగూ చేస్తారు. అక్కడ సమయానికి కొదవ ఉండదు. ఆయన ఎన్ని సాయంత్రాలు ఆగాడో ఊరివాళ్లకు కళ్లారా తెలుసు కాబట్టి అక్కడ చెబితేనే ఆయనకు గౌరవం ఎక్కువ. ఒకవేళ అత్తయ్య గారు కలెక్టరేట్‌కు రాలేని పరిస్థితి ఉండి, అటెండరు వస్తున్నట్టయితే ఇద్దరి చోట్లు మార్చుకోండి.

ఇప్పుడు మీ తెలుగు టీచరు గురించి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ విషయమే. తనకు రాని అవార్డుకు స్నేహితురాలి ఫైలు సర్దిపెట్టిన మనిషి ఆవిడ. వేదిక మీద ‘నిజానికి ఈ అవార్డు ఆవిడకే రావాలి’ అనాలని మీకు అనిపించవచ్చు. అనకండి. మీ దృష్టిలో అది పెద్ద మనసే. వినే అధికారులకు మాత్రం ఎంపికను తప్పు పట్టినట్టుంటుంది. ఆవిడకైతే రాలేదన్న సంగతి జిల్లా అంతా విన్నట్టవుతుంది. ఫైలు సర్దిన సంగతీ అక్కడ వద్దు. ఫైలు గొడవ ఎత్తితే వినేవాళ్ల ఆలోచన దరఖాస్తుల మీదికి, సిఫార్సుల మీదికి పోతుంది. ఆవిడ కనిపెట్టిన విషయం చెప్పండి. లెక్క రాకపోవడానికీ ప్రశ్న చదవలేకపోవడానికీ తేడా పట్టుకోవడం మామూలు విషయం కాదు. ఎన్నో బడుల్లో పిల్లల్ని లెక్కల్లో మొద్దులని తేల్చేసేది ఈ తేడా తెలియకే. ఆవిడ పేరు ఆ పనితో వినిపిస్తే, వచ్చే ఏడు ఆవిడ దరఖాస్తు చూసేవాళ్లకు ఆ పేరు గుర్తుండే అవకాశమూ ఉంది.

అయినా సరే, ఆవిణ్ని అడగకుండా చెప్పొద్దు. సభకు రెండు మూడు రోజుల ముందు, స్టాఫ్‌రూమ్‌లో కాకుండా విడిగా కూర్చుని నమూనాలోని ఆ రెండు వాక్యాలు చదివి వినిపించండి. ‘ఇలా చెబుదామనుకుంటున్నాను, నీకు ఇబ్బందేమైనా ఉందా?’ అని అడగండి. ఆవిడ సంతోషిస్తే సరేసరి. ‘నా పేరెందుకులేవే’ అని మొహమాటపడితే ఇంకోసారి అడగండి. రెండోసారీ వద్దంటే మానేయండి, ‘మా తోటి టీచరు ఒకరు’ అని పని మాత్రం చెప్పండి. అవార్డు రాని బాధ ఆవిడకు ఇంకా పచ్చిగా ఉండి ఉండవచ్చు. ఆ పూట అందరూ తనవైపు తిరిగి చూడటం ఆవిడకు ఇష్టం లేకపోతే, మీ కృతజ్ఞత కోసం ఆవిణ్ని కష్టపెట్టకూడదు కదా.

అత్తయ్య గారికి కూడా ముందే చెప్పి ఉంచండి. ఆవిడ ఊహించుకుంటున్నది బహుశా పెద్ద పొగడ్త. మీరు చెప్పబోయేది రెండు వాక్యాలు. ఎదురుచూసింది ఒకటి, వినిపించింది ఇంకొకటి అయితే చిన్నబోతారు. ‘అత్తయ్యా, మూడు నిమిషాలే ఇచ్చారు, అందులో మీ గురించి ఇలా చెబుతున్నాను’ అని వంటింట్లోనే చదివి వినిపించండి. ఆవిడ ఒక మాట మార్చమన్నా మార్చండి.

మీవారి పేరు నమూనాలో లేదు. ఆయన సాయం ఏమిటో మీరు రాయలేదు కాబట్టి నేను కల్పించలేను. ఆ గంటకు సంబంధించిన పని ఆయన కూడా చేస్తుంటే, రోజూ చీకటి పడ్డాక బస్టాండు దగ్గరికి బండి తెస్తుంటే, అత్తయ్య గారి వాక్యంలోనే నాలుగు మాటలు కలపండి. అలాంటిదేమీ లేకపోతే ఇంట్లో చెప్పుకుంటే చాలు, ఆయన అర్థం చేసుకోగలిగిన మనిషే అయి ఉంటారు.

సంఘం నాయకుడి విషయం కాస్త గట్టిగా ఉండాల్సినది. ఆ హాల్లో నాలుగైదు సంఘాలవాళ్లు ఉంటారు. అవార్డు తీసుకున్నవాళ్లలోనూ వేర్వేరు సంఘాల సభ్యులు ఉంటారు. వాళ్లందరి తరఫున మాట్లాడుతూ మీ సంఘం పేరొక్కటే చెబితే, దిగగానే మిగతావాళ్లు పట్టుకుంటారు. మాట్లాడమన్న డీఈవో ఆఫీసుకూ ఇబ్బందే. నాయకుడికి సభకు ముందే ఫోన్ చేసి, ‘అందరి తరఫున మాట్లాడమన్నారు సార్, ఏ సంఘం పేరూ చెప్పడం బాగుండదు. మన సంఘం సమావేశంలో తప్పకుండా చెబుతాను’ అనండి. ఆయన కొంచెం మొహం ముడుచుకోవచ్చు. ముందే చెప్పారు కాబట్టి అది పెద్ద గొడవ కాదు. ఏమీ చెప్పకుండా సభలో వదిలేస్తే మాత్రం కక్షగా తీసుకుంటారు.

పాత హెచ్ఎం గారి గురించి ఒక్క మాట. ‘ఎన్ని అడ్డంకులు ఎదురైనా’ అన్న వాక్యం మీ నోటికి రావచ్చు. జిల్లాలో టీచర్లందరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు, ఆ అడ్డంకి పేరేమిటో క్షణంలో పోల్చుకుంటారు. టీ తాగేటప్పుడు అందరూ దాని గురించే మాట్లాడుకుంటారు, శనగల గురించి కాదు. ఆయనకు పొగడ్తా వద్దు, పోటూ వద్దు. ఇప్పటి హెచ్ఎం గారికి మాత్రం ఆ ఉదయమే ఎదురుగా నిలబడి, సిఫార్సు చేసినందుకు, సాయంత్రం క్లాసు నడవనిచ్చినందుకు కృతజ్ఞత చెప్పండి. వేదిక మీద ఆయన పేరు చెప్పి ముందున్నాయన పేరు చెప్పకపోతే అదీ ఒక పోలికగానే వినపడుతుంది.

మీరు రాసిన ఒక సంగతిని మీరే తక్కువగా చూశారనిపించింది. మిమ్మల్ని మాట్లాడమన్నది అందరి తరఫున. మిగతావాళ్లకు మైకు దొరకదు. మీ ముప్పై నాలుగు మందికి థాంక్స్ చెబుతూ పోతే, పక్కన శాలువాలతో కూర్చున్నవాళ్లకు తమ అమ్మ, తమ ఆయమ్మ గుర్తొచ్చి, ‘మావాళ్ల సంగతేమిటి?’ అనిపిస్తుంది. అందుకే నమూనాలో ‘ప్రతి టీచరు వెనకా ఇలాంటి మనుషులున్నారు’ అన్న వాక్యం పెట్టాను. మీకు తెలిసే ఉంటుంది, 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ గెలిచిన రంజిత్‌సింహ్ దిసలే గారు మహారాష్ట్రలో సోలాపూర్ జిల్లా పరితేవాడి అనే ఊళ్లో అప్పట్లో జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేస్తుండేవారు. పది లక్షల డాలర్ల బహుమతిలో సగం తనతోపాటు తుది జాబితాలో ఉన్న మిగతా తొమ్మిదిమందికి పంచుతానని ప్రకటించారు. మనం డబ్బు పంచే స్థాయిలో లేం గానీ, మైకు దొరికినవాళ్లు దొరకనివాళ్లను తలుచుకోవడం మన చేతిలో ఉన్న పనే.

కావాలంటే ఇక్కడ ఇంకో అడుగు వేయొచ్చు. ‘మా కోసం ఈ రోజు పనులు మానుకుని వచ్చినవాళ్లు ఒక్కసారి లేచి నిలబడండి’ అని అడగొచ్చు. ఇళ్లవాళ్లు, తోటి టీచర్లు హాల్లో చాలామంది ఉంటే అది బాగా పండుతుంది. కానీ చాలా సభల్లో ఇంటివాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారు, హాల్లో ఆఫీసు సిబ్బందే ఎక్కువగా ఉంటారు. ముగ్గురే లేచి నిలబడితే వాళ్లకూ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. వేదిక ఎక్కేముందు ఒకసారి హాలంతా చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

సభలు అనుకున్నట్టు నడవవు. కలెక్టర్ గారికి వేరే మీటింగు ఉందని ‘మేడమ్, ఒక్క నిమిషంలో ముగించండి’ అని చెవిలో చెప్పడం మామూలే. అప్పుడు కంగారుపడి పేర్లన్నీ గబగబా చదివేస్తుంటారు చాలామంది. మీరు ముందే నిర్ణయించుకోండి. అలా జరిగితే లెక్క గురించి ఒక్క వాక్యం, ముగ్గురి గురించి ఒక్కో వాక్యం, అందరి తరఫున నమస్కారం. అంతే. ఆ ఒక్క నిమిషం రూపాన్ని అదే కాగితం వెనక రాసి పెట్టుకోండి.

కాగితం చూసి చదవడం తప్పు కాదు. పెద్ద అక్షరాలతో, ఒక వైపు మొత్తం పట్టేలా రాసుకోండి. మూడు పేర్ల కింద గీత గీయండి. టెన్షన్‌లో మొదట మర్చిపోయేది బాగా తెలిసినవాళ్ల పేర్లే. ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నప్పుడు ఎక్కడ గొంతు పూడుకుపోతోందో గమనించండి. బహుశా అత్తయ్య గారి దగ్గర పూడుకుపోతుంది. అందుకే ఆ వాక్యాన్ని చివర పెట్టలేదు. దాని తర్వాత మామూలు వాక్యం ఉంది, అక్కడ ఊపిరి తీసుకుని తేరుకోవచ్చు. కళ్లలో నీళ్లొస్తే ఆగండి. క్షమాపణ చెప్పకండి.

ఇక ఆ ముప్పై నాలుగు పేర్ల కాగితం. ముగ్గురు వేదిక మీదికి వెళ్లారు, ముప్పై ఒక్కరు మిగిలారు. 1957 అక్టోబరులో ఆల్బర్ట్ కామూ అనే ఫ్రెంచి రచయితకు నోబెల్ ప్రకటించారు. తండ్రి యుద్ధంలో పోయి, అల్జీర్స్‌లో పేదరికంలో పెరిగిన ఆయన్ను స్కాలర్‌షిప్ పరీక్షకు తయారుచేసి హైస్కూలుకు పంపింది లూయీ జెర్మే అనే ప్రైమరీ టీచరు. కామూ డిసెంబరులో బహుమతి అందుకోకముందే, నవంబరు 19న ఆ మాస్టారికి ఒక చిన్న ఉత్తరం రాశాడు. ఈ వార్త వినగానే అమ్మ తర్వాత మొదట గుర్తొచ్చింది మీరేనని అందులో ఉంది. స్టాక్‌హోం విందు ప్రసంగంలో ఆ మాస్టారి పేరు రాలేదు. తర్వాత ఆ ప్రసంగాలు అచ్చయినప్పుడు ఆయనకే అంకితమిచ్చాడు. చిన్నప్పటి మాస్టార్ల పేర్లు మీ కాగితంలో ఉంటే సభకు ముందే వాళ్లకు ఉత్తరమో ఫోనో చేయండి. పేపర్లో చూసి తెలుసుకోవడం కన్నా మీ నోట వినడం వాళ్లకు మేలు. అధికారులకు సభ తర్వాత రెండు వాక్యాల మెసేజ్ చాలు. ఊరి పెద్దలు, విద్యా కమిటీ సభ్యులు, అటెండరు గారు బడి సన్మానానికి. మిగతావాళ్లను రోజుకు ఇద్దరు ముగ్గురి చొప్పున తలుచుకోండి, ఒక్కొక్కరికీ వాళ్లు చేసిన పనేమిటో ఒక వాక్యం చెప్పండి. వాట్సాప్ గ్రూపులో ‘అందరికీ ధన్యవాదాలు’ అని పెట్టి చేతులు దులుపుకుంటే ఈ ముప్పై ఒక్కరూ జాబితాగానే మిగిలిపోతారు.

ఒక పని మాత్రం ఇవాళే మొదలుపెట్టాలి. సెప్టెంబరు 5 బడి పనిచేసే రోజైతే వంట చేసే ఆవిడ ఆ పూట పొయ్యి వదిలి రాలేరు. ఆ ఒక్కరోజుకు సహాయకురాలినో, ఊళ్లో ఇంకొకరినో వంటకు పెట్టడం కుదురుతుందేమో హెచ్ఎం గారిని అడగండి. కుదిరితే మీ ఇంటివాళ్లు వచ్చే బండిలోనే ఆవిణ్ని కూర్చోబెట్టుకోండి, హాల్లోకి పాసు కావాలేమో డీఈవో ఆఫీసులో ముందే కనుక్కోండి. కుదరకపోతే మీరు మాట్లాడేటప్పుడు వీడియో తీసే పని ఒక మనిషికి అప్పజెప్పండి. ఆ సాయంత్రమే బడికి వెళ్లి ఆవిడకు చూపించవచ్చు.